లోహాల స్థానభ్రంశ చర్య: ఎనిమిదో తరగతి ప్రయోగ పత్రం ఒకదాన్ని తిరగరాసిన తీరు

ఎనిమిదో తరగతి లోహాలు, అలోహాల పాఠంలో పిల్లల చేత తప్పనిసరిగా చేయించే ప్రయోగం ఒకటుంది. కాపర్ సల్ఫేట్ ద్రావణంలో జింకు ముక్క, ఇనుప మేకు వేరువేరుగా వేస్తారు. జింక్ సల్ఫేట్, ఐరన్ సల్ఫేట్ ద్రావణాల్లో రాగి తీగ వేస్తారు. మరో జింక్ సల్ఫేట్ ద్రావణంలో ఇనుప మేకు వేస్తారు. మార్పు ఎక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు అని చూసి, ఏ లోహం ఏ లోహాన్ని దాని లవణం నుంచి బయటకు నెడుతుందో పిల్లలు తేల్చుకోవాలి. గ్రామీణ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయినిగా ఈ ప్రయోగానికి వాడే పత్రాన్ని నేను పూర్తిగా తిరగరాశాను. ఆ పని ఎందుకు అవసరమైంది, పత్రంలో ఏయే భాగాలు ఎలా మారాయి, తరగతిలో ఒక బృందం నింపిన పత్రం ఏమి తేల్చింది అన్నవి ఇక్కడ వివరిస్తున్నాను.

చాలాకాలంగా వాడుకలో ఉన్న పాత పత్రం ఒకే పుటలో ముగిసేది. పైన ఉద్దేశం, పరికరాల జాబితా, మధ్యలో "పరిశీలన" అనే ఒక గడి, కింద "నిర్ధారణ" పక్కన ఒక ఖాళీ గీత ఉండేవి. నిండిన పత్రాలను ఒకచోట పెట్టి చూస్తే అన్నింటిలోనూ మేకు గురించి ఒకే వాక్యం కనబడేది: "నీలి రంగు ద్రావణం ఆకుపచ్చ రంగుకు మారింది." అసలు విషయమేమిటంటే నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో ఆ మార్పు కనబడదు. మేకు మీద ఎర్రటి పూత ఒక నిమిషంలోనే వస్తుంది కానీ, ద్రావణంలోని రాగి అంతా బయటకు రావడానికి గంటలు పడుతుంది. అప్పటిదాకా నీలం కొద్దిగా పలచబడుతుంది, అంతే. అంటే పిల్లలు పరీక్షనాళికను చూసి కాకుండా పుస్తకం చూసి రాశారు. తప్పు పిల్లలది కాదు. "పరిశీలన" అని రాసి ఒక ఖాళీ గడి ఇస్తే, ఎప్పుడు చూడాలో, దేనిని చూడాలో, ఎంతవరకు రాయాలో ఆ గడి చెప్పదు. అందువల్ల తెలిసిన వాక్యమే అందులోకి వచ్చి చేరుతుంది.

కొత్త పత్రానికి నేను పెట్టుకున్న నియమం ఒకటే. పుస్తకం మూసి ఉన్నా పత్రంలోని ప్రతి గడీ నిండాలి, పుస్తకం తెరిచి ఉన్నా నాళికను చూడకుండా ఏ గడీ నిండకూడదు.

ద్రావణాలు, లోహాలు

పిల్లల పత్రం సరిగా పనిచేయాలంటే ఉపాధ్యాయుల సన్నాహం కూడా పత్రంలో భాగం కావాలి. అందుకే వెనుక పుటను దానికే కేటాయించాను. ఆరు బృందాలున్న తరగతికి మూడు ద్రావణాలూ ఒక్కొక్కటి 200 మిల్లీలీటర్లు సరిపోతాయి. ఆ నీటికి కాపర్ సల్ఫేట్ స్ఫటికాలు 5 గ్రాములు, జింక్ సల్ఫేట్ స్ఫటికాలు, ఐరన్ సల్ఫేట్ స్ఫటికాలు ఒక్కొక్కటి సుమారు 6 గ్రాములు కలిపితే మూడింటి గాఢత దాదాపు సమానంగా ఉంటుంది. ఇంతకంటే చిక్కగా కలిపితే నీలం ముదురుగా ఉండి, అది పలచబడుతున్నదీ లేనిదీ కంటికి తెలియదు. ఒక్కో నాళికలో 10 మిల్లీలీటర్లు పోస్తే అందులో ఉండే రాగి 64 మిల్లీగ్రాములే. మేకు మీద కనబడేంత పూతకు అది చాలు, పారబోయవలసిన వ్యర్థమూ తక్కువే.

నీళ్ల విషయంలో జాగ్రత్త అవసరం. ఉప్పు నీళ్లు పడే బోర్లున్న ఊళ్లలో ఆ నీటిలో కాపర్ సల్ఫేట్ కలిపితే ద్రావణం తేటగా ఉండదు. నీటిలోని బైకార్బనేట్లతో రాగి కలిసి లేత నీలి ఆకుపచ్చ మడ్డిగా విడిపోతుంది. పిల్లలు దాన్ని లోహం వల్ల వచ్చిన మార్పుగా రాసుకుంటారు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ అన్నిచోట్లా దొరుకుతుంది కాబట్టి పత్రంలో దాన్నే సూచించాను.

ఐరన్ సల్ఫేట్ ద్రావణం మరీ సున్నితమైనది. లేత ఆకుపచ్చగా ఉండవలసిన ఈ ద్రావణం గాలి తగిలితే పసుపుపచ్చగా, ఆ తర్వాత గోధుమ రంగుగా మారి మసకబారుతుంది. ముందు రోజు కలిపి ఉంచిన ద్రావణంలో రాగి తీగ వేస్తే, రాగి ఏమీ చేయకపోయినా "ద్రావణం రంగు మారింది" అన్న పరిశీలన వస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, అలా పాతబడిన ద్రావణంలో ఏర్పడే ఫెర్రిక్ అయాన్లు రాగిని నిజంగానే కొద్దిగా కరిగిస్తాయి. అందువల్ల ఈ ద్రావణాన్ని కాచి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్‌లో ఆ పూటే కలపాలి. సీసాలో గోధుమ రంగు పట్టిన స్ఫటికాలను పక్కన పెట్టి ఆకుపచ్చని వాటినే ఏరుకోవాలి.

ఇక లోహాలు. రాగి కోసం చాలామంది మోటారు చుట్టే తీగ తెస్తారు. ఆ తీగ మీద కంటికి కనబడని వార్నిష్ పొర ఉంటుంది. దాన్ని అలాగే ద్రావణంలో వేస్తే లోహం ద్రావణాన్ని తాకనే తాకదు. జింక్ సల్ఫేట్‌లో రాగికి మార్పు రాకూడదు కనుక ఫలితం "సరిగ్గానే" వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. మేకుకు నూనె పట్టి ఉన్నా ఇంతే. మార్పు వచ్చిన నాళిక తన సంగతి తానే చెప్పుకుంటుంది కానీ, మార్పు రాని నాళికలో రాకపోవడానికి కారణం లోహం స్వభావమా, దాని మీది మురికా అన్నది తెలియదు. ఈ ప్రయోగంలో "మార్పు లేదు" అన్న ఫలితమే ఎక్కువ రుజువు కోరుతుంది. పాత పత్రంలో ఈ ఆలోచనకు చోటే లేదు.

అందుకని కొత్త పత్రంలో రెండు చిన్న పరీక్షలు చేర్చాను. రాగి తీగను గరుకు కాగితంతో రుద్దిన తర్వాత ఒక బ్యాటరీ సెల్లు, టార్చి బల్బుతో కలిపి చూడాలి. బల్బు వెలిగితే తాకించిన చోట తీగ పైపొర పోయినట్టు. మేకు పరీక్ష చివర్లో వస్తుంది. జింక్ సల్ఫేట్‌లో ముప్పై నిమిషాలు మార్పు లేకుండా ఉన్న మేకును తీసి, నీళ్లతో కడిగి, కాపర్ సల్ఫేట్‌లో వేయాలి. అక్కడ ఎర్రటి పూత పట్టితే, ఆ మేకు చర్య జరపగలిగిన స్థితిలోనే ఉందని, జింక్ సల్ఫేట్‌లో ఊరుకున్నది చేతకాక కాదని తెలుస్తుంది.

జాగ్రత్తలు ఎక్కడ రాయాలి

పాత పత్రంలో జాగ్రత్తలన్నీ కలిపి పైన ఒక పెట్టెలో ఉండేవి: రసాయనాలను తాకరాదు, రుచి చూడరాదు, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో చేయాలి. ఏ ప్రయోగానికైనా అవే వాక్యాలు అతికేవి కనుక వాటిని ఎవరూ చదివేవారు కాదు. కొత్త పత్రంలో ఆ పెట్టె తీసేశాను. ప్రతి జాగ్రత్తనూ, ప్రమాదం ఎదురయ్యే మెట్టు పక్కనే, కారణంతో సహా రాశాను.

మా ప్రాంతంలో కాపర్ సల్ఫేట్ పిల్లలకు కొత్త వస్తువు కాదు. మైలుతుత్తం అనే పేరుతో అది ఇంట్లో ఉంటుంది. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తోటల్లో పిచికారీ చేయడం వాళ్లు చూసే ఉంటారు. ఆ చనువే ఇక్కడ ప్రమాదం. పలచని ద్రావణం చేతిమీద పడితే కడుక్కుంటే సరిపోతుంది కానీ, స్ఫటికం పొడి కంట్లో పడితే కంటికి తీవ్రమైన హాని జరుగుతుంది, మింగితే విషం. అందువల్ల స్ఫటికాలను తూచి కలిపే పని పిల్లలకు ఇవ్వలేదు. వారికి కలిపిన ద్రావణమే అందుతుంది. పత్రంలో మొదటి మెట్టు పక్కన ఉన్న వాక్యం ఇది: "మీ ముందున్న నీలి ద్రావణం మైలుతుత్తం కలిపిన నీళ్లు. దీన్ని మంచినీళ్ల సీసాలోకి ఎప్పుడూ పోయకండి. పొరపాటున ఎవరైనా తాగితే ప్రాణాపాయం." ద్రావణం మిగిలితే ఇంటికి పట్టుకెళ్లి తమ్ముడికో చెల్లికో చూపించాలని పిల్లలకు ఉంటుంది. ఆ సరదా ఎరిగే ఈ వాక్యాన్ని మొట్టమొదట పెట్టాను.

రెండో మెట్టు మేకును, తీగను గరుకు కాగితంతో రుద్దడం. అక్కడి జాగ్రత్త ఇలా ఉంటుంది: "కళ్లద్దాలు పెట్టుకోండి. మేకు మొనను మీ వైపు గాని, పక్కవారి వైపు గాని పెట్టకండి. రుద్దేటప్పుడు రాలిన పొడిని నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి." జింకు గురించిన హెచ్చరిక ఉపాధ్యాయుల పుటలో ఉంది. ప్రయోగశాలలో జింకు ముక్కలు అయిపోయినప్పుడు పాత టార్చి సెల్లు పగలగొట్టి దాని డబ్బా రేకు వాడుకునే అలవాటు కొన్నిచోట్ల కనబడుతుంది. ఆ సెల్లు లోపల నల్లటి పొడితో పాటు చర్మాన్ని మండించే లవణాలుంటాయి. ఆల్కలైన్ సెల్లులోనైతే గాఢమైన క్షారమే ఉంటుంది. జింకు ముక్కలు లేకపోతే ఆ ఏడాది జింకు వేసే 1వ, 6వ నాళికలను వదిలేయడమే మేలని పత్రంలో స్పష్టంగా రాశాను.

చివరి జాగ్రత్త మధ్యాహ్న భోజనానికి సంబంధించింది. మా బడిలో ఈ పీరియడ్ భోజనానికి ముందే వస్తుంది, పిల్లలు చేత్తో కలుపుకొని తింటారు. కాబట్టి "చేతులు కడుక్కోండి" అన్న సలహాగా వదిలేయకుండా దాన్ని ప్రయోగంలో ఆఖరి మెట్టుగా చేర్చాను. బృందంలో ప్రతి ఒక్కరి పేరు ఎదురుగా ఒక గడి ఉంటుంది. సబ్బుతో కడిగి, గోళ్ల కింద నీలం లేదని పక్కవారికి చూపించాకే పక్కవారు ఆ గడిలో టిక్ పెడతారు. టిక్‌లన్నీ పడితేనే పత్రం నా చేతికి రావాలి.

పరిశీలన పట్టిక

పట్టిక మీద నేను ఎక్కువ సమయం పెట్టాను. పాత ప్రయోగంలో ఐదు నాళికలే ఉండేవి. ఆ ఐదింటినీ జాగ్రత్తగా చూస్తే ఒక లోపం తెలుస్తుంది. జింకు రాగిని నెట్టడం, ఇనుము రాగిని నెట్టడం కంటికి కనబడతాయి. కానీ జింకు ఇనుముకంటే చురుకైనది అనడానికి ఆ ఐదింటిలో ఉన్న ఆధారం ఒక్కటే: జింక్ సల్ఫేట్‌లో మేకుకు మార్పు రాకపోవడం. మార్పు రాకపోవడం ఎంత బలహీనమైన సాక్ష్యమో పైన చెప్పాను. అందుకని ఐరన్ సల్ఫేట్‌లో జింకు ముక్క ఉండే ఆరో నాళికను చేర్చాను.

పిల్లలకు ఇచ్చే పట్టిక ఇలా ఉంటుంది.

| నాళిక | ద్రావణం | లోహం | వేయకముందు: ద్రావణం రంగు, లోహం రంగు | 2 నిమిషాలకు | 10 నిమిషాలకు | 30 నిమిషాలకు | మర్నాడు |
|---|---|---|---|---|---|---|---|
| 1 | కాపర్ సల్ఫేట్ | జింకు | | | | | |
| 2 | కాపర్ సల్ఫేట్ | ఇనుప మేకు | | | | | |
| 3 | జింక్ సల్ఫేట్ | రాగి తీగ | | | | | |
| 4 | ఐరన్ సల్ఫేట్ | రాగి తీగ | | | | | |
| 5 | జింక్ సల్ఫేట్ | ఇనుప మేకు | | | | | — |
| 6 | ఐరన్ సల్ఫేట్ | జింకు | | | | | |

పట్టిక పైన ఒక సూచన ఉంటుంది: "గడిలో కంటికి కనబడినదే రాయండి: రంగు, ఎక్కడ, మెత్తగా ఉందా గట్టిగా ఉందా, బుడగలున్నాయా. పదార్థం పేరు రాయకండి." మేకు మీద ఎర్రటి పూత పట్టిందన్నది పరిశీలన, అది రాగి అన్నది పిల్లలు ఆలోచించి చేరుకోవలసిన మాట. ఈ రెండూ ఒకే గడిలో కలిసిపోతే, ఆ తర్వాత నిర్ధారణలో ఆలోచించడానికి ఏమీ మిగలదు.

"మర్నాడు" అన్న నిలువు వరుస చేర్చినప్పుడు మరో అవసరం ఏర్పడింది. రాత్రంతా తడిలో ఉన్న మేకు ఎలాగూ తుప్పు పడుతుంది. 2వ నాళికలో గోధుమ రంగు చూసి అదీ కాపర్ సల్ఫేట్‌తో జరిగిన చర్య వల్లేనని పిల్లలు అనుకోవడం సహజం. 4వ నాళికలోని ఐరన్ సల్ఫేట్ కూడా రాగితో నిమిత్తం లేకుండా పసుపుబారుతుంది. అందువల్ల నా బల్ల మీద మూడు పోలిక నాళికలు ఉంచుతాను: ఒట్టి కాపర్ సల్ఫేట్, ఒట్టి ఐరన్ సల్ఫేట్, డిస్టిల్డ్ వాటర్‌లో మేకు. ప్రతి బృందం ఒక ప్రతినిధిని పంపి తమ నాళికను వీటి పక్కన పెట్టి చూడవచ్చు. నీలం పలచబడిందా లేదా అన్నది కూడా పోలిక నాళిక లేకుండా చెప్పడం కష్టం. రెండింటి వెనుక తెల్ల కాగితం పెట్టి చూడాలన్న సూచన పత్రంలోనే ఉంది.

పట్టిక కింద ఒక ఖాళీ పెట్టె ఉంటుంది: "మీరు అనుకోనిది, పాఠంలో లేనిది ఏదైనా కనబడితే ఇక్కడ రాయండి." 1వ నాళికలో జింకు మీద సన్నటి బుడగలు వస్తాయి. కాపర్ సల్ఫేట్ ద్రావణానికి స్వతహాగా కొద్దిపాటి ఆమ్ల స్వభావం ఉండటం వల్ల వెలువడే హైడ్రోజన్ అది. Zn + CuSO4 → ZnSO4 + Cu అన్న సమీకరణంలో దానికి చోటు లేదు కాబట్టి, పెట్టె లేకపోతే చూసినవాళ్లు కూడా రాయరు.

ఒక బృందం పత్రం

ఈ పత్రంతో చేయించిన తరగతిలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న బృందం పత్రాన్ని ఇక్కడ వివరంగా తీసుకుంటున్నాను. మొదటి కొన్ని నిమిషాలు అంతా అనుకున్నట్టే సాగింది. 1వ నాళికలో 2 నిమిషాలకు "జింకు మొత్తం నల్లబడింది, నూగులా ఉంది, చిన్న బుడగలు" అని రాశారు. ఇక్కడే చాలామంది తడబడతారు. రాగి ఎర్రగా ఉంటుందని పిల్లలకు తెలుసు. కానీ చర్య వేగంగా జరిగి రాగి అతి సన్నని రేణువులుగా విడిపోతే అది నలుపు కలిసిన గోధుమ రంగులో, మెత్తటి నూగులా కనబడుతుంది. మేకు మీద నెమ్మదిగా పట్టే పూత అలా కాక ఎర్రగా, నున్నగా ఉంటుంది.

వారి 2వ నాళిక దగ్గర తేడా వచ్చింది. మేకు మొన వైపు సగం ఎర్రబడింది. తల వైపు సగం 1వ నాళికలోని జింకులాగే నల్లటి నూగుతో నిండింది. బృందంలో రాసే బాధ్యత తీసుకున్న అమ్మాయి కలం ఆపి అడిగింది.

"టీచర్, మేకు సగం ఎర్రగా, సగం నల్లగా ఉంది. ఎర్రగా అని రాయనా?"

"సగం సగం ఉంటే సగం సగమనే రాయమ్మా. ఎటువైపు ఏ రంగో కూడా రాయి."

ఆ గడిలో "మొన వైపు ఎరుపు, తల వైపు నలుపు నూగు" అని పడింది. 30 నిమిషాలకు 5వ నాళికలో మార్పు లేదని రాసి, పత్రంలో చెప్పినట్టు ఆ మేకును కడిగి కాపర్ సల్ఫేట్‌లో వేశారు. అదీ అలాగే మొన దగ్గర ఎర్రగా, తల దగ్గర నల్లగా మారింది. అప్పుడు వాళ్లలో ఒక అబ్బాయి, గరుకు కాగితంతో రుద్దింది మొన వైపే కదా అని గుర్తు చేశాడు. రుద్దిన చోట ఇనుములా, రుద్దని చోట జింకులా ప్రవర్తిస్తున్న మేకు అది. రేకుల షెడ్లకు కొట్టే జి.ఐ. మేకులు కొన్ని మామూలు మేకుల డబ్బాలో కలిసిపోయాయి. ఆ మేకుల మీద తుప్పు పట్టకుండా జింకు పూత ఉంటుంది.

దీని పర్యవసానం 5వ నాళిక మీద పడుతుంది. జింక్ సల్ఫేట్‌లో జింకు పూత ఉన్న మేకు వేస్తే మార్పు రాకపోవడంలో వింత లేదు. ఆ నాళిక ఇనుము గురించి ఏమీ చెప్పలేదు. పాత పత్రమైతే ఇదే మేకుతో ఇదే ఫలితం వచ్చి, "ఇనుము జింకును స్థానభ్రంశం చెందించలేదు" అన్న సరైన వాక్యం తప్పుడు ఆధారంతో పత్రంలోకి ఎక్కేది, దానికి పూర్తి మార్కులూ పడేవి. మేకును తిరిగి కాపర్ సల్ఫేట్‌లో వేసి చూసే ఆ ఒక్క మెట్టు వల్లే సంగతి బయటపడింది.

నిర్ధారణ ప్రశ్నలు

పాత పత్రంలోని ఖాళీ గీత మీద అందరూ ఒకే వాక్యం రాసేవారు: ఎక్కువ చర్యాశీలత గల లోహం తక్కువ చర్యాశీలత గల లోహాన్ని స్థానభ్రంశం చెందిస్తుంది. అది సత్యమే కానీ, ప్రయోగం చేసినా చేయకపోయినా రాయగలిగిన సత్యం. కొత్త పత్రంలో నాలుగు ప్రశ్నలున్నాయి, ప్రతి జవాబులోనూ నాళిక సంఖ్య ఉండాలి.

మొదటి ప్రశ్న: "2వ నాళికలో మేకు మీద చేరినది ఏ పదార్థమై ఉంటుంది? అది మేకు నుంచి వచ్చిందా, ద్రావణం నుంచి వచ్చిందా? ఎలా చెప్పగలరు?" ఇక్కడ నీలం పలచబడటం ఆధారంగా పనికొస్తుంది. 5వ నాళికలో అదే రకం మేకుకు ఎర్రటి పూత రాకపోవడం ఇంకా మంచి ఆధారం. చాలా బృందాలు మొదటిదే పట్టుకుంటాయి. రెండోది చూసినవారిని నేను తరగతికి చదివి వినిపించమంటాను.

రెండో ప్రశ్న: "మూడు లోహాలను చురుకుదనం ప్రకారం వరుసలో పెట్టండి. పక్కపక్కన ఉన్న ప్రతి జంటకూ ఆధారంగా నిలిచిన నాళిక సంఖ్యలు రాయండి." మూడో ప్రశ్న దీనికి కొనసాగింపు: "ఈ ఆధారాల్లో మీకు నమ్మకం తక్కువగా ఉన్నది ఏది? ఎందుకు?" నాలుగో ప్రశ్న: "పాఠంలో ఉండి, మీ నాళికల్లో మీకు కనబడనిది ఏది?" ఆకుపచ్చ రంగు గురించి రాయడానికి చోటు ఇది. మర్నాడు 2వ నాళికలో నీలం దాదాపు పోతుంది. కానీ అప్పటికి గాలి తగిలి ద్రావణం పసుపు మసకగా ఉంటుందే తప్ప పుస్తకంలోని లేత ఆకుపచ్చ చాలా బృందాలకు కనబడదు. కనబడలేదని రాయడం ఈ పత్రంలో సరైన జవాబు, దానికి మార్కు ఉంది.

కిటికీ పక్క బృందం రెండో ప్రశ్నకు జింకు, ఇనుము, రాగి అని వరుస పెట్టి, ఇనుము-రాగి జంటకు "2వ నాళిక మొన వైపు, 4వ నాళిక" అని రాసింది. జింకు-ఇనుము జంట దగ్గర 5 అని రాసి కొట్టేసి, 6 అని మాత్రమే ఉంచింది. మూడో ప్రశ్నకు వారి జవాబు ఇది: "మా 5వ నాళిక లెక్కలోకి రాదు, మా మేకుకు పూత ఉంది. 6వ నాళికలో జింకు మెరుపు తగ్గి నల్లబడింది కానీ మర్నాటికే తెలిసింది, అది కూడా కొంచెమే." నా దృష్టిలో ఆ తరగతిలో వచ్చిన నిర్ధారణలన్నింటిలో ఇదే మేలైనది. వరుస సరిగా పెట్టిన బృందాలు ఇంకా ఉన్నాయి. తమ వరుసలో ఏ జంట ఆధారం పలచనిదో ఇంత కచ్చితంగా చెప్పినవారు మాత్రం వీరే.

6వ నాళిక నిజంగానే ఈ పత్రంలో బలహీనమైన చోటు. ఐరన్ సల్ఫేట్‌లో జింకు మీద ఇనుము చేరడం నెమ్మదిగా జరుగుతుంది. చేరిన పొర బూడిద కలిసిన నలుపు రంగులో ఉండి జింకు మీద కొట్టొచ్చినట్టు కనబడదు. ద్రావణం పసుపుబారకుండా ఉండటానికి కొందరు అందులో రెండు చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తారు. ఈ ప్రయోగంలో ఆ పని చేయకూడదు, జింకు ఆమ్లంతో చర్య జరిపి బుడగలు వదులుతుంది, పిల్లలు దాన్నే ఫలితంగా తీసుకుంటారు. జింకు ముక్కను సగం మాత్రమే ద్రావణంలో మునిగేలా దారంతో వేలాడదీస్తే, మునిగిన భాగానికీ పైభాగానికీ రంగు తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆ మార్పును పత్రంలో చేర్చాను.

వ్యర్థాలను ఏం చేయాలి

రాగి ద్రావణాన్ని చెట్ల పాదుల్లో గాని, బడి వెనుక కాలువలో గాని పోయకూడదు. చేపలకూ నీటిలోని చిన్న జీవులకూ రాగి చాలా తక్కువ మోతాదులోనే విషం. పత్రం చివరి మెట్టులో 1వ, 2వ నాళికల ద్రావణాన్ని, మేకు పరీక్షకు వాడిన కాపర్ సల్ఫేట్‌ను మూత ఉన్న ఒక ప్లాస్టిక్ బకెట్‌లో పోయిస్తాను. అందులో గుప్పెడు పాత ఇనుప మేకులు వేసి రెండు మూడు రోజులు ఉంచితే, పిల్లలు నాళికలో చూసిన చర్యే అక్కడా జరిగి రాగి మేకుల మీదికి, బకెట్ అడుగుకు చేరుతుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు ఈ పనికి పనికిరాదు, అది సాధారణంగా తుప్పు పట్టని ఉక్కుతో చేసినది కనుక రాగిని సులభంగా బయటకు తీయదు. పని పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి బాగా రుద్దిన కొత్త మేకును అయిదు నిమిషాలు ముంచి చూడాలి. ఎర్రటి పూత పట్టకపోతే ద్రావణంలో రాగి దాదాపు లేనట్టే. అప్పుడు పైన తేరిన నీటిని ధారాళంగా నీళ్లు కలిపి ప్రయోగశాల తొట్టిలో వదలవచ్చు. అడుగున చేరిన రాగి పొడిని వడగట్టి ఆరబెట్టి సీసాలో భద్రపరుస్తున్నాం.

ఈ పత్రాన్ని మళ్లీ వాడేటప్పుడు మేకుల డబ్బాను ముందే పరీక్షించి, ఆరు బృందాలకూ పూత లేని మేకులే ఇవ్వాలని నిర్ణయించాను. ప్రతి బృందం అనుకోకుండా జి.ఐ. మేకు మీద పడితే నిర్ధారణకు కావలసిన ఆధారమే తరగతిలో మిగలదు. పరిశీలనలు ముగిశాక నా బల్ల మీద మాత్రం సగం రుద్దిన జి.ఐ. మేకును కాపర్ సల్ఫేట్‌లో వేసి, దాని పేరు చెప్పకుండా, తమ పట్టికల సాయంతో అది ఏ మేకో కనిపెట్టమని అడుగుతాను. ఆ జవాబు రాయడానికి పత్రం చివర మూడు గీతలు చేర్చాను.